ఆర్డర్ మారింది, తేదీ ఏమైంది?

కొత్త ఇంటికి ఫర్నిచర్ చేయించుకునేవాళ్లు మొదటి ఆర్డర్ దగ్గర జాగ్రత్తగానే ఉంటారు. నాలుగు దుకాణాలు తిరుగుతారు, కొటేషన్లు పక్కపక్కన పెట్టుకుని చూస్తారు, బేరమాడతారు, సంతకాలైన కాగితాన్ని బీరువాలో దాచుకుంటారు. చిక్కు వచ్చేది ఆ తర్వాతే. అడ్వాన్స్ ఇచ్చిన వారం పది రోజులకు ఇంట్లో ఎవరికో ఇంకో వస్తువు గుర్తొస్తుంది. పిల్లాడికి స్టడీ టేబుల్ కావాలి. మంచం ఇంకాస్త వెడల్పు ఉంటే బాగుండు. దుకాణానికి ఫోన్ చేసి చెబుతారు. "చేసేద్దాం సార్, దానికేముంది" అని సమాధానం వస్తుంది. ఆ ఒక్క మాటతో దాచుకున్న కాగితం సగం చెల్లకుండా పోతుంది. దాని స్థానంలో కొత్త కాగితం మాత్రం పుట్టదు.

ఇలాంటప్పుడు అందరి దృష్టీ ధర మీదే ఉంటుంది. నా అభిప్రాయంలో అసలు నష్టం జరిగేది తేదీ దగ్గర. ధరలో తేడా వస్తే బిల్లు చేతికొచ్చిన రోజే తెలుస్తుంది, వాదించుకోవచ్చు. తేదీ జారిపోయిన సంగతి మాత్రం గృహప్రవేశానికి రెండు రోజుల ముందు, ఖాళీ గదిలో నిలబడినప్పుడు తెలుస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా లెక్క వేసి చూద్దాం. ఒక కుటుంబానికి ఆగస్టు 20న, శ్రావణ మాసంలో, గృహప్రవేశ ముహూర్తం కుదిరింది అనుకుందాం. జులై 8న ఒక ఫర్నిచర్ తయారీదారుకు ఆర్డర్ ఇచ్చారు. మూడు తలుపుల వార్డ్‌రోబ్ 92 వేలు, క్వీన్ సైజు మంచం 48 వేలు, ఆరు కుర్చీల డైనింగ్ టేబుల్ 54 వేలు, రవాణా, బిగింపు కలిపి 6 వేలు. మొత్తం 2 లక్షలు. దాని మీద 18 శాతం జీఎస్‌టీ 36 వేలు. అంతా కలిపి 2,36,000 రూపాయలు. అందులో సగం, 1,18,000 అడ్వాన్స్‌గా కట్టారు. సరుకు ఆగస్టు 14 లోపు ఇంటికి చేరాలని రాసుకున్నారు.

జులై 17న మార్పు అడిగారు. మంచం క్వీన్ సైజు వద్దు, కింగ్ సైజు చేయమన్నారు. మంచానికి అటూ ఇటూ రెండు సైడ్ టేబుళ్లు, పిల్లాడి గదికి పుస్తకాల అరతో ఒక స్టడీ టేబుల్ చేర్చమన్నారు. తయారీదారు లెక్క వేసి చెప్పాడు: "ఇంకో 45 వేలు అవుతుంది సార్. పని పెరిగింది కాబట్టి డెలివరీ ఆగస్టు నెలాఖరుకు." కుటుంబం సరేనంది.

ఈ రెండు వాక్యాల్లో రెండు ప్రమాదాలున్నాయి. చిన్నది ముందు చూద్దాం.

45 వేలు అంటే పన్ను కలిపా, పన్ను కాకుండానా? కొనేవాళ్లు కలిపే అనుకుంటారు, అమ్మేవాళ్లు కాకుండా అనుకుంటారు. ఇందులో ఎవరి మోసమూ లేదు. వ్యాపారి తన పుస్తకంలో రేటు పన్ను లేకుండానే రాసుకుంటాడు, ఇల్లాలు జేబులోంచి పోయేదే లెక్కేస్తుంది. ఇక్కడ ఆ తేడా 8,100 రూపాయలు. మార్పును రాసుకునేటప్పుడు ఒక్క మొత్తం అంకె సరిపోదు. స్టడీ టేబుల్ 26 వేలు. సైడ్ టేబుళ్లు ఒక్కోటి 4,500 చొప్పున రెండింటికి 9 వేలు. మంచం 48 నుంచి 57 వేలకు పెరిగింది కనుక తేడా 9 వేలు. రవాణా 6 నుంచి 7 వేలైంది కనుక ఇంకో వెయ్యి. కలిపితే 45 వేలు, పన్ను 8,100, పెరిగింది మొత్తం 53,100. ఇలా వస్తువు వస్తువుకీ విడిగా రాయాలి. పాత మొత్తం 2,36,000, పెరిగింది 53,100, కొత్త మొత్తం 2,89,100 అని మూడు అంకెలూ ఒకదాని కింద ఒకటి ఉండాలి. మంచం విషయంలో మరింత జాగ్రత్త కావాలి. అది చేర్చిన వస్తువు కాదు, మార్చిన వస్తువు. "కింగ్ సైజు మంచం 57 వేలు" అని మాత్రమే రాస్తే, పాత మంచం 48 వేలు రద్దయిందా లేదా అన్నది కాగితంలో కనబడదు. "క్వీన్ సైజు మంచం రద్దు, దాని బదులు" అన్న మాటలు ఉండి తీరాలి.

ఇక పెద్దది. "డెలివరీ ఆగస్టు నెలాఖరుకు." ఏ డెలివరీ? కొత్తగా చేర్చిన మూడు బల్లలా, మొత్తం ఆర్డరా? కుటుంబం బల్లల గురించే అనుకుంది. తయారీదారు మొత్తం సరుకు గురించి అన్నాడు, ఎందుకంటే అతనికి ఒకే లారీ, ఒకే బిగింపు బృందం, ఒకే ప్రయాణం తేలిక. 20న ముహూర్తం. వార్డ్‌రోబ్, మంచం, డైనింగ్ టేబుల్ మొదట రాసుకున్న 14కే వస్తాయని వీళ్లు ధీమాగా ఉన్నారు. వర్క్‌షాపులో ఆ పని అప్పటికే వెనక్కి జరిగిపోయింది.

చట్టం దగ్గరికి వెళ్తే పరిస్థితి ఇంకా గట్టిగా ఉంటుంది. 1872 నాటి భారత ఒప్పందాల చట్టంలో 62వ సెక్షన్ ప్రకారం, ఇరుపక్షాలూ ఒప్పుకుని ఒప్పందాన్ని మారిస్తే పాత ఒప్పందాన్ని నెరవేర్చనక్కర్లేదు. 63వ సెక్షన్ ప్రకారం, మాట తీసుకున్నవారు గడువు పొడిగించవచ్చు. అంటే మొత్తం ఆర్డర్‌కు నెలాఖరు గడువని మీరు ఒప్పుకున్నట్టు తేలితే ఆగస్టు 14 అన్న తేదీ ఇక లేదు. ఒక స్టడీ టేబుల్ చేర్చినందుకు మంచం, వార్డ్‌రోబ్ తేదీలు కూడా వదులుకున్నట్టే. అప్పటికే పని ఆలస్యంగా నడుస్తున్న తయారీదారుకైతే మీరు అడిగిన మార్పు పెద్ద వరం. అతని ఆలస్యం మీ కోరిక కింద కలిసిపోతుంది.

అందుకే కొత్త తేదీని వస్తువుల వారీగా విడదీసి రాయించుకోవాలి. మన ఉదాహరణలో మొదటి విడత వార్డ్‌రోబ్, కింగ్ సైజు మంచం, డైనింగ్ టేబుల్, కుర్చీలు. వీటికి పాత తేదీ ఆగస్టు 14లో మార్పు లేదు. రెండో విడత స్టడీ టేబుల్, సైడ్ టేబుళ్లు, ఆగస్టు 28 లోపు. రవాణాకు వెయ్యి పెరిగింది ఈ రెండో ప్రయాణానికే. ఆ వెయ్యి దేనికో కూడా రాసి ఉంటే, తర్వాత "రెండుసార్లు రావాలంటే ఇంకో మూడు వేలవుతుంది" అన్న మాట రాదు.

మొదటి విడతకు ఆ తేదీ ఎందుకో కూడా చెప్పాలి. "ఆగస్టు 20 గృహప్రవేశం, దాని కోసమే ఈ గడువు" అన్న వాక్యం అలంకారం కాదు. గడువే ఆ ఒప్పందానికి కీలకమని ఇద్దరికీ తెలిసి ఉంటే, గడువు దాటినప్పుడు ఆ ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు 55వ సెక్షన్ కొనేవారికి ఇస్తుంది. గడువు అంత కీలకం కాదని తేలితే రద్దు హక్కు ఉండదు, జరిగిన నష్టానికి పరిహారం మాత్రమే అడగగలరు.

రెండు విడతలన్నాక తయారీ పరంగా ఒక సమస్య వస్తుంది. సైడ్ టేబుళ్లు మంచానికి జతగా ఉండాలి. మంచం ఆగస్టు మొదటి వారంలో తయారవుతుంది, టేబుళ్లు రెండు వారాల తర్వాత. మన దగ్గర అందరూ సన్‌మైకా అని పిలిచే లామినేట్ షీట్లు తయారీలో లాట్ల వారీగా వస్తాయి. షేడ్ నంబరు ఒకటే అయినా లాటు మారితే రంగులో సన్నని తేడా రావచ్చు. విడివిడి గదుల్లో అది కంటికి ఆనదు. మంచం తలవైపు పలకకు ఆనుకుని టేబుల్ పెట్టినప్పుడు, పగటి వెలుతురులో, స్పష్టంగా తెలుస్తుంది. చెక్క నారలా కనిపించే షేడ్లయితే ఇంకా త్వరగా బయటపడుతుంది. రెండో విడతకు కావాల్సిన షీట్లు కూడా ఇప్పుడే, మంచం షీట్లతో పాటే, ఒకే లాటులో కొనమని రాయాలి. అదనపు అడ్వాన్స్ అడిగే తయారీదారుకు ఆ డబ్బు ఖర్చు పెట్టడానికి ఇంతకంటే మంచి కారణం లేదు.

మెటీరియల్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మొదటి ఆర్డర్‌లో "19 మిల్లీమీటర్ల ప్లైవుడ్, ఐఎస్ 710 ముద్ర ఉన్నది" అని రాసుకున్నారు అనుకుందాం. ఐఎస్ 710 అంటే నీటిని బాగా తట్టుకునే మెరైన్ ప్లైవుడ్‌కు భారతీయ ప్రమాణాల సంఖ్య. కొత్తగా చేర్చిన స్టడీ టేబుల్ పక్కన "26 వేలు" అని తప్ప ఏమీ రాయకపోతే, అది పార్టికల్ బోర్డుతో వచ్చినా తయారీదారు మాట తప్పినట్టు కాదు. పైన అంటించిన షీటు ఒకటే కాబట్టి చూడగానే తేడా తెలియదు కూడా. వెనక పలక దగ్గరో, కేబుల్ కోసం కోసిన రంధ్రం దగ్గరో అంచు చూస్తే పొరలు పొరలుగా ఉంటే ప్లైవుడ్, ముక్కలు నొక్కినట్టు గరుకుగా ఉంటే పార్టికల్ బోర్డు. అప్పుడు చూసి బాధపడే బదులు "కొత్త వస్తువులకూ మొదటి ఆర్డర్‌లోని మెటీరియలే" అని ముందే ఒక వాక్యం చేర్చడం మేలు.

కొలతలు ఇంకో చోటు. కింగ్ సైజు అన్నది ఒక పేరే, కొలత కాదు. 72 అంగుళాల వెడల్పు, 78 అంగుళాల పొడవు ఉన్న పరుపునూ కింగ్ అంటారు, 72కి 75 ఉన్నదాన్నీ కింగ్ అంటారు. పరుపు విడిగా కొంటున్నవాళ్లు మంచం లోపలి కొలత రాయాలి. బయటి కొలత రాస్తే పక్క పలకల మందం పోను పరుపు లోపల పట్టదు. "పరుపు 72 × 78 అంగుళాలు, అది పట్టేలా లోపలి కొలత" అని రాస్తే అనుమానానికి చోటుండదు.

ఇవన్నీ చేర్చి, తయారీదారుకు పంపాల్సిన ఉత్తరం ఇలా ఉంటే సరిపోతుంది. వాట్సాప్‌లో పంపినా, ఈ-మెయిల్‌లో పంపినా ఇదే.

"నమస్కారం. జులై 8న మీకు ఇచ్చిన ఆర్డర్‌లో, నిన్న ఫోన్‌లో మాట్లాడుకున్న మార్పులు ఇవి.

క్వీన్ సైజు మంచం (48,000) రద్దు. దాని బదులు కింగ్ సైజు మంచం 57,000. పరుపు 72 × 78 అంగుళాలు, అది పట్టేలా లోపలి కొలత. సైడ్ టేబుళ్లు 2, ఒక్కోటి 4,500, మొత్తం 9,000. పుస్తకాల అరతో స్టడీ టేబుల్ 1, 26,000. రెండో ప్రయాణానికి రవాణా, బిగింపు అదనం 1,000.

పెరిగింది 45,000, జీఎస్‌టీ 8,100, మొత్తం 53,100. పాత మొత్తం 2,36,000. కొత్త మొత్తం 2,89,100, పన్నుతో సహా. ఇచ్చిన అడ్వాన్స్ 1,18,000. మీ అంగీకారం అందాక ఇవ్వబోయే అదనపు అడ్వాన్స్ 26,550. మిగిలే 1,44,550లో మొదటి విడత చేరి బిగించాక 1,23,310, రెండో విడత చేరి బిగించాక 21,240.

మొదటి విడత: వార్డ్‌రోబ్, మంచం, డైనింగ్ టేబుల్, కుర్చీలు. ఆగస్టు 14 లోపు, పాత తేదీలో మార్పు లేదు. ఆగస్టు 20 గృహప్రవేశం, దాని కోసమే ఈ గడువు. రెండో విడత: స్టడీ టేబుల్, సైడ్ టేబుళ్లు. ఆగస్టు 28 లోపు.

మంచానికీ సైడ్ టేబుళ్లకూ లామినేట్ ఒకే లాటులో ఇప్పుడే కొనాలి. కొత్త వస్తువులకూ మొదటి ఆర్డర్‌లోని మెటీరియలే. మిగిలిన షరతులన్నీ జులై 8 ఆర్డర్‌లో ఉన్నట్టే. మార్చిన డ్రాయింగ్ పంపి, పై విషయాలన్నీ అంగీకరిస్తున్నట్టు జవాబు ఇవ్వగలరు."

మిగిలిన సొమ్మును రెండుగా విడదీసింది విడతల విలువను బట్టే. మొదటి విడత సరుకు పన్నుతో 2,46,620, రెండోది 42,480. అడ్వాన్స్ సగం పోగా ఏ విడతకు ఎంత మిగులుతుందో అదే రాశాం. ఇలా రాయకపోతే మొదటి లారీ వచ్చినప్పుడే "మొత్తం క్లియర్ చేయండి సార్" అంటారు. పండగ హడావిడిలో ఇచ్చేస్తే రెండో విడత ఆగస్టు 28కి వస్తుందన్న భరోసా పోతుంది.

జవాబు దగ్గర చాలామంది పప్పులో కాలేస్తారు. మీరు పంపిన దానికి బొటనవేలి గుర్తు వచ్చిందనుకోండి. అది చదివినట్టా, ఒప్పుకున్నట్టా? గొడవ వచ్చినప్పుడు చదివాననే అంటారు. దాంతో ఊరుకోకుండా "కొత్త మొత్తం 2,89,100, రెండు విడతల తేదీలు అంగీకారం" అని అవతలి వైపు నుంచి మాటల్లో రాయించుకోండి. ఇంకో రకం జవాబు ఉంటుంది: "ఓకే సార్, కానీ ప్లైవుడ్ రేటు పెరిగితే కొంచెం అటూ ఇటూ అవుతుంది." మీరు మొదటి పదం చూసి సంతోషిస్తారు. ఒప్పందాల చట్టం 7వ సెక్షన్ ప్రకారం అంగీకారం పూర్తిగా, ఏ షరతూ లేకుండా ఉండాలి. షరతుతో వచ్చిన ఓకే అంగీకారం కాదు, అది అవతలి నుంచి వచ్చిన కొత్త ప్రతిపాదన. దాని మీద మీరు మౌనంగా అదనపు అడ్వాన్స్ పంపితే ఆ షరతును మీరు ఒప్పుకున్నారన్న వాదనకు తావిచ్చినట్టవుతుంది. రేటు మారదని ఖాయంగా రాసి పంపమనండి, లేదా ఎంతవరకు మారవచ్చో పరిమితి పెట్టించండి. డబ్బు ఆ తర్వాతే.

ఒప్పుకున్నది ఎవరన్నదీ ముఖ్యమే. షోరూమ్‌లో మీతో మాట్లాడే సేల్స్ కుర్రాడికి, వర్క్‌షాపులో ప్లైవుడ్ కోసే మేస్త్రీకి మధ్య చాలా దూరం ఉంటుంది. షోరూమ్‌లో మార్పు ఒప్పుకుంటారు, వర్క్‌షాపు గోడకు మాత్రం పాత డ్రాయింగే అంటించి ఉంటుంది. ప్లైవుడ్ షీటు 8 అడుగులకు 4 అడుగులు. ఏ పలక ఏ షీటులోంచి ఎలా వస్తుందో ముందే లెక్క వేసి కటింగ్ లిస్ట్ రాసుకుంటారు. ఒకసారి కోశాక క్వీన్ సైజు పలకను కింగ్ సైజుకు పెంచడం కుదరదు. మార్చిన డ్రాయింగ్ ఎందుకు అడగాలంటే ఇందుకే. దాని మీద కొత్త తేదీ, "మార్పు 1" అన్న గుర్తు ఉండాలి. పాత దాని మీద రద్దు అని రాసి ఫొటో పంపమనండి. అడిగిన రెండు మూడు రోజుల్లో కొత్త డ్రాయింగ్ రాలేదంటే మీ మార్పు ఇంకా వర్క్‌షాపుకు చేరలేదనే అనుకోవాలి. "కటింగ్ అయిపోయింది, ఇప్పుడు మారిస్తే పాత పలకల ఖర్చు మీదే" అన్న జవాబు వస్తే కంగారుపడకండి, కోపగించుకోకండి. నిజంగానే కోసి ఉంటే ఆ ఖర్చు అడగడం న్యాయం. కోసిన పలకల ఫొటో చూపమని, ఆ ఖర్చు ఎంతో అంకెతో చెప్పమని, దాన్నీ ఉత్తరంలో ఒక వరుసగా చేర్చమని అడగండి.

ఇంతా చేసినా మొదటి విడత 14న రాకుండా 18న వచ్చిందనుకుందాం. ముహూర్తం దగ్గర పడింది, సరుకు తీసుకోక తప్పదు. 55వ సెక్షన్‌లో కొనేవారికి తెలియాల్సిన ఒక మాట ఉంది. గడువు దాటాక వచ్చినదాన్ని తీసుకుంటే, తీసుకునే సమయంలోనే నష్టపరిహారం అడుగుతామని తెలియజేయాలి. లేకపోతే ఆ ఆలస్యానికి పరిహారం అడిగే హక్కు పోతుంది. లారీతో వచ్చే డెలివరీ చలాన్ మీద సంతకం పెట్టేముందు "ఆగస్టు 14 బదులు 18న అందింది, ఆలస్యానికి పరిహారం అడిగే హక్కు మాకుంది" అని రాసి ఫొటో తీసుకోండి, అదే ఫొటోను తయారీదారుకు పంపండి. చలాన్‌లోని వస్తువుల సంఖ్య, బిల్లులోని అంకెలు మార్పు ఉత్తరంతో సరిపోతున్నాయో లేదో కూడా అప్పుడే చూసుకోవాలి. బిల్లులో క్వీన్ సైజు మంచం పేరు ఇంకా కనిపిస్తే, లెక్క సరిపోయినా, సరిచేయించుకోండి. రేపు వారంటీ అడిగితే బిల్లులో ఉన్న వస్తువుకే ఇస్తారు.

వాట్సాప్ సంభాషణతో కుదిరిన ఒప్పందం చెల్లుతుందా అని చాలామంది సందేహిస్తారు. సమాచార సాంకేతిక చట్టం 10ఏ సెక్షన్ ప్రకారం, ఎలక్ట్రానిక్ రూపంలో జరిగిందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదు. కోర్టులో దాన్ని సాక్ష్యంగా పెట్టాలంటే 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి. స్క్రీన్‌షాట్ మీద మాత్రమే ఆధారపడకండి. అసలు సంభాషణ ఫోన్‌లో చెరగకుండా ఉండాలి. ఫోన్ మార్చేటప్పుడు బ్యాకప్ తీసుకోండి. ఫోన్‌లో మాట్లాడిన ప్రతి మార్పునూ అదే రోజు రెండు వాక్యాల్లో రాసి పంపండి.

ఇంటి అవసరానికి కొన్నవాళ్లు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. చెల్లించిన సొమ్ము 50 లక్షల దాకా ఉంటే కేసు అక్కడే వేస్తారు, 5 లక్షల దాకా ఫీజు లేదు. గడువు రెండేళ్లు. దుకాణానికో, ఆఫీసుకో వ్యాపారం కోసం కొన్న ఫర్నిచర్‌కు సాధారణంగా ఈ దారి దొరకదు. వాళ్లు సివిల్ కోర్టుకు వెళ్లాలి, అందుకే వాళ్లకు ఈ ఉత్తరం మరింత అవసరం. కమిషన్‌కు వెళ్లేముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

మార్పు చెప్పాలని అనిపించిన రోజునే ఈ ఉత్తరం రాసి పంపండి. అన్నీ అంగీకరిస్తున్నట్టు మాటల్లో జవాబు, మార్చిన డ్రాయింగ్ చేతికి వచ్చేదాకా అదనపు అడ్వాన్స్ 26,550 మీ దగ్గరే ఉంచుకోండి.